మూడు ఫ్రేములకు తొమ్మిది, నాలుగింటికి పది

ఆపరేటింగ్ సిస్టమ్స్ పరీక్ష రాసిన ఇంజినీరింగ్ విద్యార్థిని ఎవరినైనా కదిపి చూడండి, ఈ అంకెల వరుస ఎక్కడో చూశానంటారు: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. దీన్ని రిఫరెన్స్ స్ట్రింగ్ అంటారు. ఈ పన్నెండు అంకెల్ని ఫిఫో, ఎల్‌ఆర్‌యూ పద్ధతుల్లో మొదట మూడు ఫ్రేములతో, తర్వాత నాలుగు ఫ్రేములతో ట్రేస్ చేసి, ఎన్ని పేజీ ఫాల్టులు వచ్చాయో రాయమని ప్రశ్న. చూడ్డానికి గళ్లు నింపే పని. కానీ ఫిఫోలో నాలుగు ఫ్రేముల లెక్క పూర్తయ్యాక చాలామంది పెన్ను ఆపేస్తారు. చోటు పెరిగింది కాబట్టి ఫాల్టులు తగ్గాలి కదా, పెరిగాయేమిటని అనుమానం. గళ్లన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. మళ్లీ అదే జవాబు వస్తుంది. లెక్క తప్పలేదు. ఈ వరుసను ఏరి కూర్చిందే ఆ సంగతి చూపించడానికి.

దీన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ముందు ఆ అంకెలు దేనికి గుర్తులో చెబుతాను.

ఒక ప్రోగ్రాము నడవాలంటే దాని సూచనలు, డేటా ర్యామ్‌లో ఉండాలి. ర్యామ్ కొంచెమే ఉంటుంది, నడిచే ప్రోగ్రాములు మాత్రం చాలా. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామును సమానమైన ముక్కలుగా కోస్తుంది. మన ల్యాప్‌టాపుల్లో సాధారణంగా ఒక్కో ముక్క 4096 బైట్లు. ఆ ముక్క పేరు పేజీ. ర్యామ్‌లో ఒక పేజీ పట్టే చోటు పేరు ఫ్రేము. కావలసిన పేజీలు ఫ్రేముల్లో ఉంటాయి, మిగతావి డిస్కు మీద ఉంటాయి. పొయ్యి పక్క గట్టు మీద మూడు డబ్బాలకే చోటుండి, మిగతావన్నీ అటకెక్కించిన వంటిల్లు లాంటిది ఇది. అటక మీది డబ్బా కావాలంటే గట్టు మీదున్న ఒకదాన్ని తీసి పైన పెట్టాలి. ఏది తీయాలన్నదే పేజీ రీప్లేస్‌మెంట్ పాలసీ.

ప్రోగ్రాము అడిగిన పేజీ ఫ్రేముల్లో ఉంటే హిట్. లేకపోతే పేజీ ఫాల్ట్. అప్పుడు ప్రోగ్రామును ఆపి, డిస్కు నుంచి పేజీ తెచ్చి, ఫ్రేములో పెట్టి, మళ్లీ నడిపించాలి. ఇక్కడ ఖర్చు ఎంతో తెలిస్తేనే ఒక్క ఫాల్టు కోసం ఇంత ఆలోచన ఎందుకో తెలుస్తుంది. ర్యామ్‌ను ఒకసారి చదవడానికి ఉజ్జాయింపుగా 100 నానోసెకన్లు పడుతుందనుకుంటే, తిరిగే హార్డ్ డిస్కు నుంచి తేవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే లక్ష రెట్లు. ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ తేడా వెయ్యి రెట్ల దరిదాపుకు తగ్గుతుంది, అదీ తక్కువేం కాదు.

రిఫరెన్స్ స్ట్రింగ్ కూడా గాల్లోంచి ఊడిపడదు. ప్రోగ్రాము ముట్టుకున్న చిరునామాల్ని వరుసగా రాసుకుని ఒక్కోదాన్ని 4096తో భాగిస్తే వచ్చే పూర్ణాంకమే పేజీ నంబరు. 4100, 4104, 8200, 12300 అనే చిరునామాలు వరుసగా వస్తే పేజీలు 1, 1, 2, 3 అవుతాయి. వెంటవెంటనే వచ్చిన రెండో 1ని కొట్టేస్తారు. అప్పుడే తెచ్చిన పేజీ కాబట్టి అది ఏ పద్ధతిలోనైనా హిట్టే, ఫాల్టుల లెక్కను మార్చదు. అలా మిగిలిందే 1, 2, 3. పరీక్షలో ఇచ్చే వరుసల్లో ఒకే అంకె పక్కపక్కన అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక ఫిఫో. ముందొచ్చినది ముందు పోతుంది, అంతే నియమం. ఫ్రేములన్నీ మొదట ఖాళీ. పరీక్షలో ప్రత్యేకంగా చెప్పకపోతే ఖాళీ ఫ్రేములోకి వచ్చే మొదటి పేజీలూ ఫాల్టులే. వాటిని వదిలేసి లెక్కపెట్టినవారికి మార్కులు పోతాయి. కింద పై వరుసలో ప్రోగ్రాము అడిగిన పేజీలున్నాయి. దాని కింద మూడు ఫ్రేముల్లో ఏమున్నాయో రాశాను, పాతది పైన, కొత్తది కింద ఉండేలా. అడుగున చుక్కగుర్తు ఉంటే ఫాల్ట్, బిందువు ఉంటే హిట్.

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5

1 1 1 2 3 4 1 1 1 2 5 5
- 2 2 3 4 1 2 2 2 5 3 3
- - 3 4 1 2 5 5 5 3 4 4
* * * * * * * . . * * .
```

నాలుగో అడుగులో 4 కావాలి, ఫ్రేములు నిండాయి. అందరికన్నా ముందొచ్చిన 1 బయటికి పోయింది. మరుక్షణమే 1 కావలసొచ్చింది. 2ను తీసి 1ని తెచ్చాం. వెంటనే 2 కావలసొచ్చింది. 3 పోయింది. ఏడో అడుగులో 5 కోసం 4 పోయింది. ఆ తర్వాత 1, 2 రెండూ లోపలే ఉన్నాయి, రెండు హిట్లు. 3 కోసం 1, 4 కోసం 2 పోయాయి. చివరి 5 లోపలే ఉంది. మొత్తం తొమ్మిది ఫాల్టులు.

దిద్దేవారికి అన్నిటికన్నా ఎక్కువగా దొరికే తప్పు ఎనిమిది, తొమ్మిది అడుగుల్లో ఉంటుంది. 1 హిట్టయ్యింది కదా అని దాన్ని వరుసలో కిందికి, అంటే కొత్తవాటి వైపు జరిపేస్తారు. ఫిఫోలో హిట్టు వల్ల ఏదీ కదలకూడదు. పేజీ ఎప్పుడు లోపలికొచ్చిందన్నదే లెక్క, వచ్చాక ఎన్నిసార్లు వాడారన్నది కాదు. ఒకవేళ జరిపితే మీకు తెలియకుండానే ఎల్‌ఆర్‌యూ చేస్తున్నట్టు. ఈ వరుసకు మూడు ఫ్రేములతో తొమ్మిది బదులు పది వచ్చిందంటే పొరపాటు సాధారణంగా అక్కడే ఉంటుంది. ఇంకొక చిన్న జాగ్రత్త కూడా ఉంది. ఎన్ని ఫాల్టులని అడిగారో, ఎన్నిసార్లు పేజీని మార్చారని అడిగారో చూసుకోవాలి. ఇక్కడ ఫాల్టులు తొమ్మిదే గానీ మార్పులు ఆరే, ఎందుకంటే మొదటి మూడూ ఖాళీ ఫ్రేముల్లోకి వెళ్లాయి.

ఇప్పుడు ఇంకొక ఫ్రేము ఇద్దాం.

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5

1 1 1 1 1 1 2 3 4 5 1 2
- 2 2 2 2 2 3 4 5 1 2 3
- - 3 3 3 3 4 5 1 2 3 4
- - - 4 4 4 5 1 2 3 4 5
* * * * . . * * * * * *
```

మొదటి ఆరు అడుగుల దాకా అంతా అనుకున్నట్టే సాగింది. మూడు ఫ్రేములతో ఆరు ఫాల్టులైతే, ఇక్కడ నాలుగే. అసలు కథ ఏడో అడుగున మొదలవుతుంది. 5 కోసం 1 పోయింది. తర్వాత అడిగింది 1నే. దానికోసం 2 పోయింది, తర్వాత అడిగింది 2నే. 3 పోతే 3, 4 పోతే 4, 5 పోతే 5. ప్రతిసారీ ఇప్పుడే బయటపడేసినదే మరుక్షణం కావలసివస్తోంది. ఏడు నుంచి పన్నెండు దాకా ఆరు అడుగులూ ఆరు ఫాల్టులే. మొత్తం పది. ర్యామ్ ఎక్కువిస్తే ప్రోగ్రాము ఎక్కువసార్లు ఆగింది.

ఎందుకిలా అయిందో చూడాలంటే ఏడో అడుగు తర్వాత రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టాలి. మూడు ఫ్రేముల్లో 1, 2, 5 ఉన్నాయి. నాలుగు ఫ్రేముల్లో 2, 3, 4, 5 ఉన్నాయి. పెద్ద ర్యామ్‌లో 1 లేదు, చిన్న ర్యామ్‌లో ఉంది! చోటు పెరిగితే మేలే జరుగుతుందని మనం నమ్మడానికి వెనక ఒక మాట దాగుంది. చిన్నదాంట్లో ఉన్నవన్నీ పెద్దదాంట్లోనూ ఉంటాయి, అదనంగా ఇంకొకటి ఉంటుంది అన్న మాట అది. ఫిఫో ఆ మాటకు కట్టుబడదు.

ఇంకొంచెం లోతుకు వెళ్తే 1 ఎందుకు పోయిందో తెలుస్తుంది. మూడు ఫ్రేముల దగ్గర 1, 2 ఇరుకు వల్ల బయటికి గెంటివేతకు గురై, అయిదు, ఆరు అడుగుల్లో మళ్లీ లోపలికొచ్చాయి. తిరిగొచ్చినందుకే అవి వరుసలో కొత్తవైపోయాయి, ఆ తర్వాత కొంతకాలం భద్రంగా ఉన్నాయి. నాలుగు ఫ్రేముల దగ్గర 1, 2 బయటికి పోనేలేదు. అయిదు, ఆరు అడుగుల్లో వాటిని వాడుకున్నా ఫిఫో ఆ వాడకాన్ని పట్టించుకోలేదు. దాని దృష్టిలో అవి మొట్టమొదట వచ్చినవే, అందుకే 5 రాగానే వాటికే ఎసరొచ్చింది. అంటే అయిదు, ఆరు అడుగుల్లో మిగుల్చుకున్న రెండు ఫాల్టులే తర్వాత ఎనిమిది, తొమ్మిది, పన్నెండు అడుగుల్లో మూడు అదనపు ఫాల్టులకు కారణమయ్యాయి. లాభం రెండు, నష్టం మూడు. పట్టికలో గళ్లను ఒక్కొక్కటే పోల్చి చూడండి, ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది.

దీనికి బెలాడీ అనామలీ అని పేరు. లాస్లో బెలాడీ 1928లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఇంజినీరు. హంగరీలో 1956 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి, చివరికి అమెరికాలో ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రానికి చేరారు. ఒక ప్రోగ్రాముకు అది నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీ ఉన్నట్టు చూపించడం అప్పట్లో ఇంకా కొత్త ఆలోచన. యార్క్‌టౌన్ హైట్స్‌లో ఐబీఎం వారు ఎం44/44ఎక్స్ అనే ప్రయోగాత్మక యంత్రాన్ని ఆ పని కోసమే నడిపారు. 1966లో బెలాడీ పేజీల్ని మార్చే పద్ధతుల్ని పోలుస్తూ ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆ తర్వాత ప్రయోగాల్లో మెమరీ తగ్గిస్తే ప్రోగ్రాము త్వరగా పూర్తయిన సందర్భాలు ఎదురయ్యాయి. అలాంటి ఫలితం వస్తే మొదట అనుమానించేది యంత్రాన్నే. బెలాడీ, నెల్సన్, షెడ్లర్ కలిసి 1969లో ప్రచురించిన వ్యాసంలో తప్పు యంత్రానిది కాదని, ఫిఫో నియమంలోనే ఉందని గణితంతో నిరూపించారు. పెద్ద ర్యామ్‌లో వచ్చే ఫాల్టులు చిన్నదాంట్లో వచ్చేవాటికి రెండింతలు దాటవని వారు ఊహించారు. ఆ ఊహ నాలుగు దశాబ్దాలు నిలిచింది. 2010లో ఫోర్నై, ఇవాన్యీ అనే ఇద్దరు హంగరీ పరిశోధకులు అలాంటి హద్దేమీ లేదని, తగిన వరుస కూర్చితే తేడా ఎన్ని రెట్లయినా కావచ్చని చూపించారు.

ఇప్పుడు ఎల్‌ఆర్‌యూకి వద్దాం. ఎక్కువసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని పేజీని తీసేయాలన్నది నియమం. ఇక్కడ ప్రతి హిట్టూ లెక్కలోకి వస్తుంది. పరీక్షలో దీన్ని ట్రేస్ చేయడానికి పేజీల పక్కన సమయాలు రాసుకోనక్కర్లేదు. ఫాల్ట్ వచ్చిన చోట వేలు పెట్టి, అక్కణ్నుంచి ఎడమకు నడవండి. దారిలో కనిపించిన పేజీ ఫ్రేముల్లో ఉంటే దానికి టిక్ పెట్టండి. ఒకటి తప్ప అన్నిటికీ టిక్కులు పడగానే ఆగండి. మిగిలినదే పోవలసింది. ఉదాహరణకు మూడు ఫ్రేములతో పదో అడుగు తీసుకుందాం. లోపల 1, 2, 5 ఉన్నాయి, 3 కావాలి. ఎడమకు నడిస్తే ముందు 2, తర్వాత 1. మిగిలింది 5, అది పోతుంది. ఇక్కడ కొందరు కుడివైపుకు, అంటే రాబోయే అంకెల వైపుకు చూసేస్తారు. అది వేరే పద్ధతి. ఇంకొందరు ఏ పేజీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. అదీ వేరే పద్ధతే. ఎల్‌ఆర్‌యూ అడిగేది చివరిసారి ఎప్పుడన్న ఒక్క ప్రశ్నే.

ఈ నియమంతో మన వరుసను నడిపితే నాలుగు ఫ్రేములకు ఎనిమిది ఫాల్టులు, మూడింటికి పది. అవును, మూడు ఫ్రేముల దగ్గర ఎల్‌ఆర్‌యూ ఫిఫో చేతిలో ఓడిపోయింది. ఫిఫోకి తొమ్మిదే కదా. ఇక్కడా విద్యార్థులు తమ లెక్క తప్పిందనుకుంటారు, ఎల్‌ఆర్‌యూ ఎప్పుడూ మెరుగైనదని బట్టీపట్టి ఉంటారు కాబట్టి. జరిగింది ఇది. తొమ్మిదో అడుగు దాకా రెండు పద్ధతులూ ఒకే పేజీలతో, ఏడేసి ఫాల్టులతో సరిసమానంగా వచ్చాయి. పదో అడుగున దారులు విడిపోయాయి. ఫిఫో 1ని తీసింది. ఎల్‌ఆర్‌యూ, 1, 2లను ఇప్పుడే వాడారు కాబట్టి మళ్లీ వాడతారని నమ్మి 5ను తీసింది. ప్రోగ్రాము మాత్రం 1, 2లతో పని ముగించుకుని 3, 4, 5 వైపు వెళ్లిపోయింది. పన్నెండో అడుగున 5 కోసం వెతికితే ఫిఫోలో ఉంది, ఎల్‌ఆర్‌యూలో లేదు.

ఎల్‌ఆర్‌యూ నిన్నటిని చూసి రేపటిపై వేసే పందెం. ప్రోగ్రాములు కాసేపు కొన్ని పేజీల చుట్టే తిరుగుతాయి కాబట్టి ఆ పందెం చాలాసార్లు నెగ్గుతుంది. ఒక పని ముగించి ఇంకొక పనికి మారే చోట ఓడిపోతుంది. ఇంకా ఘోరంగా ఓడే చోటు ఒకటుంది. నాలుగు ఫ్రేములిచ్చి 1, 2, 3, 4, 5, 1, 2, 3, 4, 5 అంటూ చక్రంలా తిప్పండి. ప్రతి అడుగూ ఫాల్టే, ఒక్క హిట్టు కూడా రాదు. ఫ్రేముల్లో పట్టనంత పెద్ద డేటాను మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివే ప్రోగ్రాముకు జరిగేది ఇదే.

అయినా ఎల్‌ఆర్‌యూకి ఫిఫోలో లేని ఒక గుణం ఉంది. ఫ్రేములు పెంచితే దానికి ఫాల్టులు ఎప్పటికీ పెరగవు. నిరూపణ రెండు వాక్యాలే. మూడు ఫ్రేముల ఎల్‌ఆర్‌యూలో ఎప్పుడు చూసినా చివరగా వాడిన మూడు వేర్వేరు పేజీలే ఉంటాయి, నాలుగు ఫ్రేముల్లో చివరగా వాడిన నాలుగు ఉంటాయి. చివరి నాలుగులో చివరి మూడు ఉండక తప్పదు. ఏడో అడుగు తర్వాత చూడండి, మూడింటిలో 1, 2, 5 ఉంటే నాలుగింటిలో 4, 1, 2, 5 ఉన్నాయి. ఇది పరీక్ష హాల్లో మంచి తనిఖీ కూడా. ఎల్‌ఆర్‌యూ పట్టికలు రెండూ వేశాక ఏ నిలువు గడిలోనైనా చిన్నదాంట్లో ఉన్న పేజీ పెద్దదాంట్లో లేకపోతే, ఆ గడిలోనో దాని ముందో తప్పు జరిగినట్టే. ఫిఫోకి మాత్రం ఈ తనిఖీ పనికిరాదు.

ఈ గుణం నుంచే అందమైన పద్ధతి ఒకటి పుట్టింది. మ్యాట్సన్, గెచ్చెయ్, స్లట్జ్, ట్రేగర్ అనే నలుగురు 1970లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో దాన్ని వివరించారు. వరుసను ఒక్కసారి చదివితే చాలు, ఎన్ని ఫ్రేములకైనా ఎల్‌ఆర్‌యూ ఫాల్టులు చెప్పేయవచ్చు. ప్రతి అంకె దగ్గరా ఆగి, అదే పేజీ కిందటిసారి వచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని వేర్వేరు పేజీలు తగిలాయో, దానితో కలిపి లెక్కపెట్టాలి. దీన్ని స్టాక్ డిస్టెన్స్ అంటారు, మనం దూరం అందాం. మొదటిసారి వచ్చిన పేజీకి దూరం లేదు, అక్కడ గీత పెడదాం.

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
- - - - 4 4 - 3 3 5 5 5
```

అయిదో అడుగులో 1 చూడండి. కిందటి 1 తర్వాత 2, 3, 4 వచ్చాయి, 1తో కలిపి నాలుగు. ఎనిమిదో అడుగులో 1కి మధ్యలో తగిలినవి 2, 5, దానితో కలిపి మూడు. దూరం ఫ్రేముల సంఖ్యకు మించకపోతే హిట్, మించితే ఫాల్ట్. గీతలు ఎప్పుడూ ఫాల్టులే. ఇక్కడ గీతలు అయిదు. మూడు ఫ్రేములైతే మూడుకు మించినవి ఇంకో అయిదు, మొత్తం పది. నాలుగైతే నాలుగుకు మించినవి మూడే, మొత్తం ఎనిమిది. అయిదు ఫ్రేములిస్తే అయిదు. రెండే ఇస్తే పన్నెండుకు పన్నెండూ ఫాల్టులు. గళ్ల పట్టికలు నాలుగు వేయాల్సిన పని ఒక్క అడ్డ వరుసలో తేలిపోయింది. విశ్వవిద్యాలయం పరీక్షలో పట్టికకు మార్కులుంటాయి కాబట్టి అదీ వేయాలి. గేట్‌లో సంఖ్య ఒక్కటే టైపు చేయమనే ప్రశ్నలకు మాత్రం ఇది చేతిలో ఉండవలసిన సాధనం. పట్టిక వేసి, దూరాలతో సరిచూసుకుంటే తప్పు మిగిలే అవకాశం చాలా తక్కువ.

ఫిఫోకి ఇలాంటి దూరం లేదు. ఎన్ని ఫ్రేములని అడిగితే అన్ని పట్టికలు విడివిడిగా వేసుకోవలసిందే.

అసలు ఇంతకన్నా తగ్గించలేమా అంటే, ఈ వరుసకు కనీసం ఎన్ని ఫాల్టులు తప్పవో 1966 వ్యాసంలోని బెలాడీ పద్ధతి చెబుతుంది. భవిష్యత్తులో అందరికన్నా ఆలస్యంగా కావలసివచ్చే పేజీని తీసేయాలి. మన వరుసకు మూడు ఫ్రేములతో ఏడు, నాలుగింటితో ఆరు వస్తాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ఆప్టిమల్ అంటారు. కాగితం మీద ముందున్న అంకెలు కనబడతాయి కాబట్టి చేయగలం. నడుస్తున్న యంత్రానికి అవి కనబడవు. దీన్ని కొలబద్దగా వాడతారు, అంతే.

విచిత్రం ఏమిటంటే, కాగితం మీద ఇంత తేలికగా చేసిన ఎల్‌ఆర్‌యూ కూడా ఆపరేటింగ్ సిస్టమ్‌కు అచ్చంగా చేతకాదు. ఫిఫోకి ఫాల్ట్ వచ్చినప్పుడు మాత్రమే వరుస మార్చుకుంటే సరిపోతుంది. ఎల్‌ఆర్‌యూకి ప్రతి హిట్టునూ నమోదు చేయాలి. హిట్టు జరిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురే అందదు, ప్రాసెసరు నేరుగా మెమరీని చదివేసుకుంటుంది. సెకనుకు కోట్లసార్లు జరిగే ఆ పనిలో ప్రతిసారీ జాబితా సరిచేయాలంటే యంత్రం ఆ పనే చేస్తూ కూర్చుంటుంది. అందుకని ప్రాసెసరు చేసిపెట్టేది ఒక్క చిన్న సాయం. పేజీని ముట్టుకున్నప్పుడు దాని పక్కనున్న ఒక బిట్‌ను 1 చేస్తుంది. ఎప్పుడు ముట్టుకుందో చెప్పదు, ముట్టుకుందని మాత్రమే చెబుతుంది.

ఆ ఒక్క బిట్టుతో ఎల్‌ఆర్‌యూకి దగ్గరగా వెళ్లే ఉపాయమే క్లాక్ పద్ధతి. 1960ల్లో మల్టిక్స్ సిస్టమ్ మీద పనిచేస్తూ ఫెర్నాండో కార్బటో దీన్ని వివరించారు. ఫ్రేముల్ని గడియారం అంకెల్లా గుండ్రంగా అమర్చినట్టు ఊహించుకోండి. ఫాల్ట్ వచ్చినప్పుడు ముల్లు కదులుతుంది. ఎదురైన పేజీ బిట్ 1 అయితే దాన్ని 0 చేసి, పేజీని వదిలేసి ముందుకెళుతుంది. 0 అయితే ఆ పేజీని తీసేసి, కొత్తదాన్ని అక్కడే పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి ఆగుతుంది. కొత్తగా వచ్చిన పేజీ బిట్ 1తో మొదలవుతుంది. లినక్స్‌లో పేజీల్ని చురుకైనవి, మందకొడివి అని విడగొట్టే జాబితాలున్నాయి. అవీ నడిచేది ఈ బిట్‌ను చూసుకునే.

మన పన్నెండు అంకెల్ని క్లాక్ పద్ధతిలోనూ నడిపి చూడండి. నాలుగు ఫ్రేములతో ఏడో అడుగున 5 వచ్చేసరికి నాలుగు పేజీల బిట్లూ 1గానే ఉంటాయి. 1, 2లను రెండేసిసార్లు వాడారు, 3, 4లను ఒక్కోసారే వాడారు. కానీ బిట్టుకు ఆ తేడా తెలియదు. ముల్లు ఒక చుట్టు తిరిగి అందరి బిట్లనూ 0 చేసి, బయలుదేరిన చోటికే వచ్చి 1ని తీసేస్తుంది. ఫిఫో కూడా తీసింది దాన్నే. అక్కణ్నుంచి 2, 3, 4, 5 వరుసగా పోతాయి, ప్రతి అడుగూ ఫాల్టే. మూడు ఫ్రేములతో నడిపితే తొమ్మిది, నాలుగింటితో పది.